వారం గంటల పట్టీ: 55 గంటలు పని చేస్తే మొత్తం 7:30 అని చూపిస్తా ఉంది, ఓటీ లెక్క ఎట్ల?

మారతహళ్ళి_అంగడి

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలో మాకు సరుకుల అంగడి ఉంది. మాది అనంతపురం వైపు. పనిలో ఐదుగురు ఉండారు. ప్రతి సోమవారం పోయిన వారానికి బట్వాడా చేస్తాం. ఇన్నాళ్ళూ హాజరు పుస్తకంలో టైములు రాసి నోటిలెక్కతోనే ఇస్తా వచ్చినాం. ఓటీ దగ్గరికి వచ్చేసరికి ప్రతి వారం ఎవరో ఒకరు మొహం ముడుచుకుంటారు. అందుకని గూగుల్ షీట్‌లో పెడతా ఉండా.

బిల్లింగ్ కౌంటర్ అమ్మాయి పోయిన వారం టైములు ఇవి. మంగళవారం ఆమెకు సెలవు. భోజనానికి రోజూ గంట తీసేసినా.

| రోజు | వచ్చింది | పోయింది | పని |
|---|---|---|---|
| సోమ | 10:00 | 20:00 | 9:00 |
| బుధ | 10:00 | 19:00 | 8:00 |
| గురు | 10:00 | 20:00 | 9:00 |
| శుక్ర | 10:00 | 20:30 | 9:30 |
| శని | 10:00 | 21:00 | 10:00 |
| ఆది | 10:00 | 21:00 | 10:00 |

చేత్తో కూడితే 55 గంటల 30 నిమిషాలు. షీట్‌లో SUM కొడితే 7:30 వస్తుంది. నెలకు 20,800 అని మాట్లాడుకున్నాం, అంటే గంటకు 100. ఆ మొత్తాన్ని 100తో గుణిస్తే 231.25 వస్తా ఉంది. వారమంతా చేసిన మనిషి చేతిలో 231 రూపాయలు పెడితే ఊరుకుంటుందా?

ఇంకో తమాషా. మా బావమరిది చూసి, "ఆ 7:30 ఓటీనే బావా, షీటే వారం పరిమితి 48 గంటలు తీసేసి చూపిస్తోంది" అన్నాడు. 55:30లో 48 తీసేస్తే నిజంగానే 7:30! నాకు బుర్ర తిరిగిపోయింది. ఎవరన్నా చెప్పండి.

వైట్‌ఫీల్డ్_కోడర్

మీ అంగడిలో ఓటీ అన్నా ఇస్తున్నారు బ్రో. మా దగ్గర శని ఆదివారాలు రిలీజ్ పెట్టి సోమవారం కాంప్ ఆఫ్ అంటారు, అది మాత్రం ఎప్పటికీ రాదు. అయినా హాజరుకు వేలిముద్ర మెషీన్ పెట్టేయండి, ఆరు వేలకో ఏడు వేలకో దొరుకుతుంది.

మారతహళ్ళి_అంగడి

హాజరు సమస్య కాదు తమ్ముడూ, టైములు పుస్తకంలో సరిగ్గానే ఉండాయి. వాటిని కూడేదీ గుణించేదీ తేలడం లేదు.

జయనగర్_పద్దులు

మీ బావమరిదికి అలా తోచడంలో ఆశ్చర్యం లేదు. ఇది అచ్చంగా కాకతాళీయం. షీట్ 48 తీసేయలేదు, రెండు పూర్తి రోజులు దాచేసింది. రెండు రోజులంటే 48 గంటలే కదా, అందుకని వారపు పరిమితితో కలిసిపోయింది. పరీక్షించి చూడాలంటే 47 గంటలు పని చేసిన మనిషి వరుస చూడండి. అక్కడ 23:00 అని వస్తుంది. అతనికి ఒక్క గంట కూడా ఓటీ లేదు.

లోపల జరిగేది ఇది. షీట్ టైమును రోజులో భాగంగా దాచుకుంటుంది. 12 గంటలంటే 0.5. మీ 55:30 అంటే 2.3125 రోజులు. దాన్ని 100తో గుణించారు కాబట్టి 231.25 వచ్చింది, అంటే మీరు ఆమెకు రోజుకు వంద రూపాయలు కట్టారన్నమాట. చూపించేటప్పుడేమో గడియారంలాగా 24 దాటగానే మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. Format మెనూలో Number కింద Duration ఎంచుకుంటే 55:30:00 అని కనిపిస్తుంది. ఎక్సెల్ అయితే `[h]:mm` అని కొట్టాలి. కానీ అది కంటికి మాత్రమే. డబ్బు లెక్కకు 24తో గుణించి మామూలు అంకె చేసుకోక తప్పదు.

నేను చిన్న దుకాణాలకు పద్దులు రాస్తాను. నా పద్ధతి ఏంటంటే, టైము ఆకారాన్ని వచ్చిన, పోయిన గడుల దగ్గరే ఆపేస్తాను. ఆ పక్క గడి నుంచి అంతా 9.5, 55.5 లాంటి అంకెలే. మనిషికి ఒక రోజుకు ఒక వరుస పెట్టండి. A తేదీ, B పేరు, C వచ్చిన టైము, D పోయిన టైము, E విరామం నిమిషాల్లో. ఆ షీట్ పేరు Log అనుకుందాం. F2లో ఇది:

```
=IF(COUNT(C2:D2)<2,"",ROUND(MOD(D2-C2,1)*24-E2/60,2))
```

MOD ఎందుకంటే పండగల ముందు స్టాకు సర్దుతూ రాత్రి పన్నెండు దాటితే, పోయిన టైము వచ్చిన టైము కంటే చిన్నదైపోయి లెక్క మైనస్‌లోకి పోతుంది. COUNT ఎందుకంటే ఎవరైనా 10.30am అని చుక్క పెట్టి కొడితే షీట్ దాన్ని టైముగా గుర్తించదు. అప్పుడు తప్పు అంకె చూపించే బదులు గడి ఖాళీగా ఉండిపోతుంది, కంటికి దొరుకుతుంది.

కేఆర్‌పురం_హార్డ్‌వేర్

గింత పెద్ద ఫార్ములా ఎందుకన్నా? చట్టం సింపుల్. వారానికి 48 గంటలు. దాటినదంతా ఓటీ, ఓటీకి డబుల్. మొత్తంల నుంచి 48 తీసెయ్, అయిపాయె. మా షాపుల నాలుగేండ్ల నుంచి గట్లనే ఇస్తున్న, ఎవ్వరూ అడగలే.

మీ బిల్లింగ్ పిల్లకు 48 గంటలు మామూలు, 7.5 గంటలు డబుల్. 4800, దాని మీద 1500. మొత్తం 6300.

జయనగర్_పద్దులు

ఆ అమ్మాయి విషయంలో మీ 6300 సరైనదే. కానీ చట్టంలో ఉన్నది సగమే చెప్పారు. కర్ణాటక దుకాణాల చట్టం, 1961లో రెండు గీతలు ఉన్నాయి. రోజుకు 9 గంటలు దాటినా, వారానికి 48 దాటినా ఆ అదనపు పనికి మామూలు రేటుకు రెట్టింపు. వీటిలో ఏది దాటినా ఓటీయే. వారం నిండా పని చేసినవాళ్ళకు వారపు గీతే ముందు తగులుతుంది కాబట్టి మీకు ఇన్నాళ్ళూ తేడా తెలియలేదు. మధ్యలో సెలవు పెట్టినవాళ్ళ దగ్గర తెలుస్తుంది.

మారతహళ్ళి గారూ, మీ దగ్గర లోడు దించే మనిషి ఎవరైనా ఉంటే అతని వారం ఒకటి పెట్టండి.

మారతహళ్ళి_అంగడి

ఉండాడన్నా. గోడౌన్ కుర్రోడు. గంటకు 80. పోయిన వారం ఊర్లో పని ఉందని నాలుగు దినాలే వచ్చినాడు. భోజనం గంట తీసేస్తే 11.5, 9, 10.5, 8. మొత్తం 39. ఆ 11.5 రోజు పొద్దున ఏడున్నరకే బియ్యం లారీ వచ్చింది, రాత్రి ఎనిమిదికి పోయినాడు.

48 దాటలేదు కదా అని 39 ఇంటూ 80, 3120 ఇచ్చేసినా. వాడు డబ్బు చూసి ఏమీ అనలేదు కానీ మొహం మాత్రం పెట్టినాడు.

జయనగర్_పద్దులు

మొహం పెట్టడంలో న్యాయం ఉంది. మొదటి రోజు 9 దాటి 2.5, మూడో రోజు 1.5. నాలుగు గంటల ఓటీ. మామూలు గంటలు 35. 35 ఇంటూ 80 అంటే 2800, నాలుగు ఇంటూ 160 అంటే 640. మొత్తం 3440. అతనికి ఇంకా 320 బాకీ.

ఇంకో సంగతి, ఇది డబ్బుతో తీరేది కాదు. ఓటీతో కలిపి కూడా రోజుకు 10 గంటలు దాటకూడదు. స్టాకు లెక్కింపు, ఖాతాల తయారీ లాంటి రోజులకే మినహాయింపు. పైగా విరామంతో కలిపి వచ్చినప్పటి నుంచి పోయేదాకా 12 గంటల లోపే ఉండాలి. ఏడున్నర నుంచి ఎనిమిదంటే పన్నెండున్నర. లారీ వచ్చే రోజు కుర్రాణ్ణి సాయంత్రం ముందే పంపించేయండి, లేదా ఇంకొకరిని ఆలస్యంగా రమ్మనండి. Log షీట్‌లో F గడి 10 దాటితే ఎర్రగా మారేలా పెట్టుకోండి.

కేఆర్‌పురం_హార్డ్‌వేర్

సరే, రోజు లెక్క కూడా ఉన్నదనుకుందాం. కానీ సెలవు పెట్టినోనికి కూడా ఓటీ ఇస్తే రోజూ వచ్చేటోడు ఏమనుకుంటడు?

షట్టర్_దించే_వేళ

రోజూ వచ్చేవాడు ఏమీ అనుకోడు సార్. అతనికీ పదకొండున్నర గంటలు మూటలు మోసిన రోజు ఉంటుంది. నేను సేల్స్‌లోనే పని చేస్తాను, అందుకే చెప్తున్నా.

మారతహళ్ళి_అంగడి

ఇప్పుడు రెండూ పెట్టినా. G గడిలో రోజుకు 9 దాటినవి, కింద వారానికి 48 దాటినవి. బిల్లింగ్ అమ్మాయికి రోజు లెక్కలో శుక్రవారం 0.5, శని 1, ఆది 1, అంతా 2.5. వారం లెక్కలో 7.5. రెండూ కూడితే 10 గంటల ఓటీ. 45.5 మామూలు, 10 డబుల్, 6550 వస్తా ఉంది. హార్డ్‌వేర్ అన్న 6300 అన్నాడు. ఏది ఇయ్యాల?

జయనగర్_పద్దులు

6300. రెండూ కూడకండి. ఆ 2.5 గంటలు వారపు 55.5లో కూడా ఉన్నాయి కదా, ఒకే గంటను రెండుసార్లు ఓటీ చేసేశారు. రోజు లెక్కలో ఓటీ అయిపోయిన గంటను పక్కన పెట్టి, మిగిలిన 53 గంటల్లో 48 దాటినవెన్నో చూడాలి. అవి 5. ముందరి 2.5 కలిపితే 7.5. ఇంత తిప్పలు పడక్కర్లేకుండా, రెండిటిలో ఏది పెద్దదైతే అదే తీసుకుంటే ఎప్పుడూ ఇదే జవాబు వస్తుంది. అమ్మాయికి 2.5, 7.5లలో 7.5. కుర్రాడికి 4, సున్నాలలో 4.

Log లో G2:

```
=MAX(0,N(F2)-9)
```

ఇంకో షీట్‌లో మనిషికి ఒక వరుస. A పేరు, B గంట రేటు. వారం మొదలయ్యే సోమవారం తేదీని H1లో పెట్టండి. C మొత్తం గంటలు, D రోజువారీ అదనం, E ఓటీ, F చేతికిచ్చేది.

```
C2: =SUMIFS(Log!F:F,Log!B:B,A2,Log!A:A,">="&$H$1,Log!A:A,"<="&$H$1+6)
D2: =SUMIFS(Log!G:G,Log!B:B,A2,Log!A:A,">="&$H$1,Log!A:A,"<="&$H$1+6)
E2: =MAX(D2,C2-48)
F2: =(C2+E2)*B2
```

చివరిది చూసి కంగారు పడకండి. ఓటీ గంట ఎలాగూ మొత్తంలో ఒకసారి లెక్కకొచ్చింది, రెట్టింపు కాబట్టి ఇంకోసారి కలిపితే సరిపోతుంది. 55.5కు 7.5 కలిపి 63, ఇంటూ 100, 6300. కుర్రాడికి 39, 4 కలిపి 43, ఇంటూ 80, 3440.

H1లో తేదీ మారిస్తే చాలు, ఏ వారమైనా వస్తుంది. పాత వరుసలు చెరపకండి.

టీనగర్_చీరలు

మాది చెన్నై టీనగర్‌లో చీరల షాపు. ఇదే షీట్ ఇక్కడ అలాగే వాడేస్తే తప్పవుతుంది అన్నయ్యా. తమిళనాడు 1947 చట్టంలో రోజుకు 8 గంటలు, వారానికి 48. రెట్టింపు రేటు మాత్రం ఇక్కడా అంతే. ఓటీ కలిపినా రోజుకు 10, వారానికి 54 మించకూడదు. మీ బిల్లింగ్ అమ్మాయి మా దగ్గర పని చేసి ఉంటే 55.5 అన్నదే గీత దాటినట్టు.

అందుకని 9, 48 అన్న అంకెలు ఫార్ములా లోపల రాయకుండా రెండు గడుల్లో పెట్టుకుని అక్కడి నుంచి తీసుకోండి. మాకు 8 పెట్టి చూశాను. ఆమెకు రోజువారీ అదనం కూడా 7.5 వచ్చింది. ఆరు రోజుల్లో ఏ రోజూ 8కి తగ్గలేదు కాబట్టి రెండు లెక్కలూ కలిసిపోయాయి. బుధవారం 8కి బదులు 6 గంటలే చేసిందనుకోండి, వారం లెక్క 5.5కు పడిపోతుంది, రోజు లెక్క 7.5 దగ్గరే ఉంటుంది. దీపావళి ముందు మా వాళ్ళు ఒక రోజు పూట పని చేసి మిగతా రోజులు లాగిస్తారు, అక్కడ ఈ తేడా బాగా తెలుస్తుంది.

మారతహళ్ళి_అంగడి

థాంక్స్ అక్కా. ఇద్దరివీ లెక్క కుదిరినాయి. కానీ మూడో ఆయనకు మొత్తం 38 వస్తుంది, Log లో చేత్తో కూడితే 47. 9 గంటలు ఎక్కడ పోయినాయో తెలీడం లేదు.

జయనగర్_పద్దులు

ఒక రోజు మొత్తం మాయమైందంటే సాధారణంగా పేరు తేడా. ఆ రోజు వరుసలో పేరు చివర ఒక ఖాళీ పడి ఉంటుంది. కంటికి కనపడదు, SUMIFSకు మాత్రం వేరే మనిషి. పేర్ల గడికి Data validation పెట్టి జాబితాలోంచే ఎంచుకునేలా చేయండి. దాంతోపాటు తనిఖీ గడి ఒకటి పెట్టుకోండి: ఆ వారపు Log గంటలన్నిటి మొత్తం, కింద మనుషుల C గడుల మొత్తం, రెండిటి తేడా సున్నా రావాలి. సున్నా రాకపోతే బట్వాడా చేయొద్దు.

మారతహళ్ళి_అంగడి

పేరు చివర ఖాళీనే అన్నా! గురువారం వరుస నా ఫోన్‌లో కొట్టినా, అక్కడ పడింది.

కేఆర్‌పురం_హార్డ్‌వేర్

నాకొక డౌటు. 20,800 నెల జీతం ఉంటే గంటకు 100 ఎట్ల అయితది? నెలకు 30 రోజులు. 20,800ను 30తో భాగిస్తే 693, మళ్ళ 8తో భాగిస్తే 86.67. ఓటీ గంటకు 173. మీరు 200 ఇస్తున్నరు. ఆ పిల్లకే ఒక్క వారంల 200 ఎక్కువ పోతున్నది.

జయనగర్_పద్దులు

వారానికి ఆరు రోజులు, ఏడాదికి 52 వారాలు. 312 పని దినాలు. పన్నెండుతో భాగిస్తే నెలకు 26. రోజుకు 8 చొప్పున 208 గంటలు. 20,800ను 208తో భాగిస్తే వంద. తిప్పి చూసినా సరిపోతుంది: వారానికి 48 గంటలకు 4800, 52 వారాలకు 2,49,600, పన్నెండుతో భాగిస్తే మళ్ళీ 20,800. మీ 86.67తో వారం వారం ఇస్తూ పోతే ఓటీ లేని మనిషికి నెలకు 18,027 దగ్గరే ఆగిపోతుంది. మాట్లాడుకున్న జీతంలో కోత పడినట్టే.

కేఆర్‌పురం_హార్డ్‌వేర్

మరి ఆదివారం జీతం దాంట్ల లేదా? నెల జీతమంటే ముప్పై దినాలకు ఇచ్చేది. నేను వారం వారం ఇయ్య, నెలకొకసారే ఇస్త. నా దగ్గర 18,000 సమస్య రాదు. మా ఆడిటర్ కూడా 30తోనే చేస్తడు.

జయనగర్_పద్దులు

నెలజీతం మీరు పూర్తిగా ఇస్తారు కాబట్టి అక్కడ బయటపడదు. ఓటీ గంట రేటులో మాత్రం సెలవు రోజులను కూడా పని దినాలుగా లెక్కేసి రేటు తగ్గించినట్టే. ఆడిటర్ గారితో ఓసారి ఆ 48 గంటల వారం లెక్క వేయించి చూడండి.

కేఆర్‌పురం_హార్డ్‌వేర్

అడుగుత. కానీ నాకైతే ఒప్పుకోబుద్ధి అయితలేదు.

షట్టర్_దించే_వేళ

మారతహళ్ళి అన్నా, మీ E గడిలో అందరికీ 60 నిమిషాలే ఉంది. కౌంటర్ అమ్మాయి నిజంగా గంటసేపు లేచి వెళ్తుందా? మా దగ్గర డబ్బా మూత తీసేసరికి బిల్లుకు ఇద్దరు నిలబడతారు. పావుగంటలో తినేసి కూర్చోవడమే.

మారతహళ్ళి_అంగడి

నిజం చెప్పాలంటే అరగంటకే వచ్చేస్తుంది. మధ్యాహ్నం వేరేవాళ్ళు ఉండరు.

జయనగర్_పద్దులు

అయితే E లో 30 పెట్టి చూడండి. మొత్తం 58.5 అవుతుంది, ఓటీ 10.5, చేతికిచ్చేది 6900. అరగంట విరామం మీకు వారానికి 600 ఖర్చు. శని, ఆదివారాల్లో రోజుకు 10.5 అయి పది గీత కూడా దాటుతుంది. అసలు చట్టప్రకారం ఐదు గంటల పనికి మించకుండా గంట విరామం ఇవ్వాలి. మధ్యాహ్నం ఒక గంట మీరే కౌంటర్‌లో కూర్చుంటే ఈ తలనొప్పి ఉండదు.

ఇంకొకటి గమనించండి. మూడు నెలల్లో మొత్తం ఓటీ 50 గంటలు దాటకూడదు. వారానికి 7.5 చొప్పున ఆమెకు ఏడో వారంలోనే దాటిపోతుంది. పోయిన పదమూడు వారాల ఓటీ కూడే గడి ఒకటి పెట్టుకోండి, 40 దాటగానే పసుపు రంగు వచ్చేలా.

టీనగర్_చీరలు

మా దగ్గర నాలుగు గంటల పనికే గంట విరామం. రెండు బ్యాచులుగా పంపిస్తాం, 12:30కి సగం మంది, 1:30కి సగం మంది. ముందు గొణిగారు, ఇప్పుడు అలవాటైంది.

మారతహళ్ళి_అంగడి

పోయిన వారానికి ఆమెకు 6900 లెక్కనే ఇస్తా. కుర్రోడికి 320 కలిపి ఇస్తా. మధ్యాహ్నం కౌంటర్‌కు మా ఇంటామె కూర్చుంటానంది, చూడాల.

ఒక్కటి మిగిలింది. తొమ్మిదికి షట్టర్ సగం దించినాక క్యాష్ టాలీ చేసేదానికి ఇరవై నిమిషాలు పడుతుంది, అమ్మాయే చేస్తుంది. పుస్తకంలో 21:00 అనే రాస్తాండాం. దాన్ని కూడా ఎక్కించాల్నా?

షట్టర్_దించే_వేళ

ఎక్కించాలన్నా. ఆ ఇరవై నిమిషాలు ఆమె ఇంట్లో లేదు కదా.

కేఆర్‌పురం_హార్డ్‌వేర్

టాలీ కూడా ఓటీ అంటే షాపు నడిచినట్టే. మేం పది, పావుగంటలు లెక్కపెట్టం.

జయనగర్_పద్దులు

ఎక్కించండి. D గడిలో 21:20 అని ఉన్నదున్నట్టు రాయండి, పావుగంటకు కుదించొద్దు. శని, ఆదివారాల్లో పది దాటకుండా ఉండాలంటే గంట విరామం పూర్తిగా ఇచ్చి, ఆ రెండు రోజులు ఆమెను 10:30కు రమ్మనండి.